మన ఇంగ్లిష్, వాళ్ల చెవి – ఏడో పాఠం: ‘నీడ్‌ఫుల్’ అంటే ఏం చెయ్యాలె?

పోయిన పాఠంలో ఫోన్‌లో తేదీలు చెప్పడం చూశాం. ఈసారి ఒక మెయిల్ చూద్దాం. రాసింది నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి. హన్మకొండలో ఇంటి నుంచే పని చేస్తుంది. ఆమె టీమ్‌లో సగం మంది డబ్లిన్‌లో ఉంటారు. ఒక జూన్ ఉదయం ఆమె అక్కడి సహోద్యోగికి ఇట్ల రాసింది:

“లాగిన్ పేజ్ ఈజ్ నాట్ వర్కింగ్ ఫ్రమ్ మార్నింగ్. ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్. ఐ విల్ చెక్ ది న్యూ చేంజ్ అండ్ రివర్ట్ బై ఈవినింగ్.”

ఆమెకు కావలసింది ఒక్కటే. టెస్ట్ సర్వర్‌ను ఆయన రీస్టార్ట్ చేయాలి, ఎందుకంటే ఆ అనుమతి ఆయనకే ఉంది. సాయంత్రం దాకా చూసింది. సర్వర్ కదల్లేదు. మెయిల్ చదివి ఆయన కూడా ఎదురుచూస్తూనే ఉన్నాడు!

ముందు ‘నీడ్‌ఫుల్’ సంగతి. ఈ మాట మనం పుట్టించింది కాదు. ఒకప్పుడు బ్రిటన్‌లోనే ఉత్తరాల్లో మామూలుగా వాడేవారు. అక్కడ పాతబడిపోయింది, మన ఆఫీసుల్లో నిలిచిపోయింది. నిలవడానికి కారణం కూడా ఉంది. తహసీల్దార్ ఆఫీసుకు దరఖాస్తు రాస్తే చివర “తగు చర్య తీసుకోగలరు” అంటాం. ఏ చర్యో చెప్పం. పెద్దసారుకు పని చెప్పడం మర్యాద కాదనిపిస్తుంది, పైగా ఏం చెయ్యాల్నో ఆయనకే ఎరుక. అదే మర్యాదను మనం ఇంగ్లిష్‌లోకి తీసుకుపోతున్నాం.

డబ్లిన్ మనిషికి ఆ దరఖాస్తు అలవాటు లేదు. ‘అవసరమైనది చెయ్యండి’ అన్నది అర్థమవుతుంది, కానీ అవసరమైనది ఏదో అందులో లేదు. కొందరికైతే అది పెత్తనం చేసినట్టు కూడా వినిపిస్తుంది. మనం ఎంతో వినయంగా రాశామనుకున్న వాక్యం అది.

‘రివర్ట్’ ఇంకా ప్రమాదం. ‘నీడ్‌ఫుల్’ తెలియకపోతే అవతలి మనిషి అడుగుతాడు. ‘రివర్ట్’ తనకు తెలుసనే అనుకుంటాడు, అందుకే అడగడు. మన దగ్గర, సింగపూర్, మలేషియాల్లో కూడా, దానికి జవాబివ్వడం అనే అర్థం ఉంది. మిగతా చోట్ల అది పాత స్థితికి తిరిగిపోవడం. సాఫ్ట్‌వేర్ వాళ్లకైతే ఇది రోజూ టైప్ చేసే ఆదేశం:

```
git revert a1b2c3d
```

ఆ కమిట్‌లో చేసిన మార్పును రద్దు చేస్తూ ఇది ఇంకో కొత్త కమిట్ వేస్తుంది. కాబట్టి ఆయనకు మెయిల్ ఇట్ల అర్థమైంది: కొత్త మార్పును ఈ అమ్మాయి సాయంత్రానికి తీసేస్తుంది, పేజీ దానంతటదే బాగవుతుంది, నేను చేసేదేం లేదు. ఒక రోజు పని అట్లనే పోయింది.

‘ఈవినింగ్’ కూడా తంటానే. ఎండాకాలం డబ్లిన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక, చలికాలం ఐదున్నర. ఎవరి సాయంత్రమో చెప్పాలి.

ఇప్పుడు దిద్దుదాం. ‘నీడ్‌ఫుల్’ అని చెయ్యి పోయినప్పుడల్లా ఆగి, తెలుగులో మిమ్మల్ని మీరే అడగండి: ఎవరు, దేన్ని, ఏం చెయ్యాలి, ఎన్నింటిలోపు? ఆ జవాబునే రాయండి:

“ది లాగిన్ పేజ్ హ్యాజ్ బీన్ డౌన్ సిన్స్ దిస్ మార్నింగ్. కుడ్ యు ప్లీజ్ రీస్టార్ట్ ది టెస్ట్ సర్వర్ బై టెన్ థర్టీ డబ్లిన్ టైమ్? ఐ డోంట్ హ్యావ్ యాక్సెస్. ఐ విల్ టెస్ట్ ది న్యూ చేంజ్ అండ్ రిప్లై బై వన్ పీఎం డబ్లిన్ టైమ్.”

అక్కడి ఒంటి గంట అంటే జూన్‌లో మన సాయంత్రం ఐదున్నర. పని పేరు పెట్టి చెబితే ఆజ్ఞాపించినట్టు ఉంటుందేమో అని ఆ అమ్మాయి నన్నడిగింది. ఉండదు. ‘కుడ్ యు’తో అడగడంలోనే మర్యాద ఉంది, ‘నాకు యాక్సెస్ లేదు’ అన్న కారణం దాన్ని ఇంకా మెత్తన చేస్తుంది.

వరంగల్ నుంచి హైదరాబాద్ ఆఫీసుకో, ఢిల్లీకో రాసేటప్పుడు ఇవి మార్చుకోనక్కర్లేదు. అక్కడ అందరికీ తెలిసిన మాటలే. అవతల బయటి దేశం మనిషి ఉన్నప్పుడు మాత్రం జవాబును గమనించండి. మీరు పని అడిగితే ‘థాంక్స్, నోటెడ్’ అని మాత్రమే వచ్చిందంటే, అడిగినట్టు ఆయనకు తెలియలేదేమో. వెంటనే, ఈసారి పని పేరు పెట్టి, మళ్లీ రాయండి.

అభ్యాసం: మీరు గురు, శుక్రవారాలు మేడారం జాతరకు పోతున్నారు. రోజూ రాత్రి మీరు తీసే బ్యాకప్‌ను ఆ రెండు రోజులూ మాంచెస్టర్‌లోని సహోద్యోగి తీయాలి. “ఐ యామ్ అవుట్ ఆఫ్ స్టేషన్ ఫర్ టూ డేస్, కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్” అన్న వాక్యాన్ని తిరగరాయండి. ‘స్టేషన్’ అనగానే ఆయనకు రైల్వే స్టేషన్ గుర్తొస్తుందని మరవకండి. మీ వాక్యాన్ని ఎనిమిదో పాఠంలోని జవాబుతో పోల్చుకుందాం. అందులోనే ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ కూడా చూద్దాం.