పిల్లల పాటలో లయ తప్పుతున్నదా? సమస్య - పరిష్కారం

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు లయ నేర్పడానికి గేయాన్ని ఎంచుకునేటప్పుడు మనం ఎక్కువగా పాదాల చివర ప్రాస కుదిరిందా లేదా అనే చూస్తాము. ప్రాస వల్ల గేయం నోటికి త్వరగా వస్తుంది, కాని చెయ్యి ఎప్పుడు పడాలో నిర్ణయించేది ప్రాస కాదు, పాదంలోని మాత్రల లెక్క. తరగతిలో కనిపించే లోపాలలో చాలా వాటికి మూలం పిల్లలలో గాక, ఎంచుకున్న గేయంలోనో, దానిని మొదలుపెట్టిన తీరులోనో ఉంటుంది.

సమస్య: పాట సాగుతున్నది, కాని తరగతి అంతా ఒకేచోట తడబడుతున్నది

కొందరు పిల్లలు మాత్రమే తడబడితే అది సాధన లోపం కావచ్చు. అందరూ ఒకే మాట దగ్గర తడబడితే గేయాన్నే అనుమానించాలి.

కూరగాయల పాఠానికి నేనే ఒకసారి రెండు పాదాలు రాసుకున్నాను: “పచ్చగా ఉన్నది బెండకాయ, పక్కనే దొండకాయ.” ప్రాస చక్కగా కుదిరిందని సంతోషించాను. తరగతిలో చప్పట్లతో మొదలుపెట్టగానే రెండవ పాదం దగ్గర సగం మంది ముందుగా ముగించారు, మిగిలినవారు “పక్కనేఏఏ” అని సాగదీశారు. ముందు వరుసలోని ఒక పాప “టీచర్, ఇక్కడ చెయ్యి గాలిలోనే ఉండిపోతున్నది” అన్నది. లోపాన్ని అంతకంటే కచ్చితంగా చెప్పడం కష్టం.

ఆ సాయంత్రం మాత్రలు లెక్కపెట్టాను. హ్రస్వాక్షరానికి ఒక మాత్ర. దీర్ఘాక్షరానికి, సున్న ఉన్న అక్షరానికి, ద్విత్వానికి గాని సంయుక్తాక్షరానికి గాని ముందున్న అక్షరానికి రెండు మాత్రలు. ఆ లెక్కన “పచ్చగా” 5, “ఉన్నది” 4, “బెండకాయ” 6, మొత్తం 15. రెండవ పాదంలో “పక్కనే” 5, “దొండకాయ” 6, మొత్తం 11. నాలుగు మాత్రలు లోటు. అంతేకాదు, మొదటి పాదంలోని మాటలు 5, 4, 6గా ఉండడం వల్ల సమానమైన దూరంలో దెబ్బ పడే వీలు కూడా లేదు.

దానిని ఇలా మార్చాను: “పచ్చ పచ్చ బెండ, పక్కనుంది దొండ.” ఇప్పుడు పచ్చ, పచ్చ, బెండ, పక్క, నుంది, దొండ అన్నీ మూడేసి మాత్రలే. మూడు దెబ్బలు వేసి, నాలుగవ దెబ్బ దగ్గర నోరు మూసుకొని చప్పట్లు మాత్రం కొట్టమన్నాను. మరునాడు అదే తరగతి ఆ పాదాలను ఆగకుండా పాడింది. కవిత్వంగా ఇది మొదటిదానికంటే గొప్పదేమీ కాదు, కాని లయ నేర్పడానికి పనికివచ్చింది.

అయితే మనకు తరతరాలుగా వస్తున్న పాటలలో కూడా అచ్చులో చూస్తే లెక్క తప్పినట్లు కనిపించేవి ఉన్నాయి. “చిట్టి చిలకమ్మా”, “అమ్మ కొట్టిందా” అనే ముక్కలలో తొమ్మిదేసి మాత్రలు ఉండగా, “గూట్లో పెట్టావా”, “గుటుక్కు మింగావా” అనేవాటిలో పదేసి ఉన్నాయి. పాటను అచ్చులో ఉన్నట్లే చదివి నేర్పిన తరగతిలో “గూట్లో” దగ్గర తడబాటు వస్తుంది. పాడేవారు మాత్రం “చిట్టీ”, “అమ్మా” అని ఆ మొదటి మాటను ఒక మాత్ర సాగదీసి నాలుగు చేస్తారు, దానితో పాట అంతా నాలుగేసి మాత్రల నడకలో పడుతుంది. కాబట్టి ఇటువంటి పాటను పాఠ్యపుస్తకం నుండి గాక, ఇంట్లో పాడేవారి నోట విని నేర్చుకొని తరగతికి తీసుకువెళ్ళడం మేలు.

సమస్య: పిల్లలు దెబ్బకు గాక ప్రతి అక్షరానికీ చప్పట్లు కొడుతున్నారు

దీనికి కారణం చాలాసార్లు మనమే. పదాన్ని అక్షరాలుగా విడగొట్టడం నేర్పేటప్పుడు “చి-ల-క” అని అక్షరానికి ఒక చప్పట్లు కొట్టిస్తాము. తరువాతి గంటలో పాట పాడిస్తూ అదే చేతులతో వేరే పని చేయమంటాము. పిల్లలకు ఆ తేడా ఎవరూ చెప్పి ఉండరు.

పరిష్కారంగా, లయను చేతుల నుండి కాళ్ళకు మార్చాలి. పిల్లలను వలయంగా నిలబెట్టి, మాటలు లేకుండా ముందు నడిపించి, నడక అందరికీ ఒకటైన తరువాత దాని మీద “చెమ్మచెక్క చేరడేసి మొగ్గ” అందుకోవాలి. ఈ పాదంలో చెమ్మ, చెక్క, చేర, డేసి, మొగ్గ అన్నీ మూడేసి మాత్రలు, కాబట్టి ఒక్కొక్క అడుగుకు ఒక్కొక్క ముక్క తనంతట తానే అమరుతుంది. అక్షరానికొక అడుగు వేయాలంటే పరుగెత్తవలసి వస్తుంది గనుక పొరపాటు వెంటనే బయటపడుతుంది. నడక కుదిరాక పిల్లలను నిలబెట్టి, అదే దెబ్బను తొడ మీదికి, చివరకు చప్పట్లకు తీసుకురావచ్చు.

సమస్య: పాట పోనుపోను పరుగెడుతున్నది

పాదానికీ పాదానికీ నడుమ మాటలు లేని విరామం ఉన్న గేయాలలో ఇది ఎక్కువ. “వానా వానా వల్లప్ప” వంటి పాదంలో 4, 4, 5 చొప్పున 13 మాత్రలు పోగా, నాలుగేసి మాత్రల నాలుగు దెబ్బలు, అంటే 16 మాత్రలు, నిండడానికి మూడు మాత్రల మౌనం చివర మిగులుతుంది. పిల్లలు ఆ మౌనాన్ని మింగి తరువాతి పాదం అందుకుంటారు. ఆ ఖాళీలో రెండు భుజాలను తట్టుకోవడం వంటి పని ఒకటి పెడితే పరుగు ఆగుతుంది. మరీ నెమ్మదిగా పట్టించడం మాత్రం మందు కాదు. చిన్నపిల్లలకు సహజంగా కుదిరే వేగం పెద్దల వేగం కంటే ఎక్కువ, కాబట్టి మనకు హాయిగా ఉన్న వేగంలో వారు దెబ్బ కోసం ఎదురుచూడలేక ముందుకు దూకుతారు.

సమస్య: ఇద్దరు కలిసి చప్పట్లు ఆడేటప్పుడు చేతులు కలిస్తే నోరు ఆగిపోతున్నది

రెండు కొత్త పనులను ఒకేసారి అప్పగించడమే కారణం. కుడిచేతిని ఎదుటివారి కుడిచేతికి కలపాలంటే చెయ్యి ఒంటి నడిమి గీతను దాటి అవతలికి పోవాలి. ఐదారేళ్ళ పిల్లలలో చాలామందికి ఆ కదలిక ఇంకా ఆలోచించి చేసే పనే. ఆలోచన చేతి మీదికి పోగానే మాట ఆగుతుంది.

కాబట్టి పాట నోటికి పూర్తిగా వచ్చేదాకా చేతులు కలపనివ్వకూడదు. తరువాత ఒక దెబ్బ తన చేతులకు, ఒక దెబ్బ ఎదుటివారి రెండు అరచేతులకు తిన్నగా వేయించాలి. ఇది ఒక్క తప్పూ లేకుండా రెండుసార్లు జరిగిన జతలకే అడ్డచేతులు నేర్పాలి. జతలను ఎత్తు చూసి కలపడం చిన్న విషయమే గాని, భుజాల ఎత్తులో తేడా ఉంటే అరచేతులు గురి తప్పి ఆట అక్కడే చెడుతుంది.

సమస్య: ఒక్క బిడ్డ మాత్రం ఎప్పుడూ కొంచెం వెనకబడుతున్నది

ఆ బిడ్డ పాటను వినకుండా పక్కవారి చేతులను చూసి కొడుతూ ఉండవచ్చు. తెలుసుకోవడానికి అందరినీ గోడవైపు తిప్పి పాడించాలి. అప్పుడు చప్పట్లు పూర్తిగా ఆగిపోతే కారణం అదే. ఆ బిడ్డ చేతిని మన చేతిలోకి తీసుకొని దెబ్బకు మెల్లగా నొక్కుతూ కొన్ని రోజులు పాడితే సరిపోతుంది. వెనుకనుండి పిలిచినా తరచుగా పలకకపోవడం కూడా గమనిస్తే, లయ సంగతి పక్కనపెట్టి చెవులు పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పాలి. జలుబు ముదిరి చెవిలో నీరు చేరిన పిల్లలు కూడా ఇలాగే ప్రవర్తిస్తారు.