షేర్ల పన్ను లెక్క - 6వ పాఠం: కొసరుకు ధర లేదు

పోయిన పాఠం చివర ఒక చిన్న లెక్క ఇచ్చాను. 2022 జూన్‌లో 10 బజాజ్ ఫైనాన్స్ షేర్లు, ఒక్కోటి ₹5,600 చొప్పున కొన్నారు. 2025 జూన్‌లో కంపెనీ స్ప్లిట్, బోనస్ రెండూ ఇచ్చింది, 10 షేర్లు 100 అయ్యాయి. 2025 సెప్టెంబర్‌లో అందులో 50 షేర్లు ₹1,000 చొప్పున అమ్మితే లాభం ఎంత? ధరలు లెక్క సులువు కోసం అనుకున్నవే, బ్రోకరేజీ పక్కన పెట్టాం.

నాకు వచ్చిన జవాబుల్లో చాలావరకు ఒకటే అంకె: ₹22,000. అందరూ ఒకే దారిలో వెళ్లారు. 5,600ని పదితో భాగించి ఒక్కో షేరు ఖరీదు ₹560 అన్నారు, 1,000లోంచి తీసేసి 440 అన్నారు, దాన్ని 50తో గుణించారు. లాంగ్ టర్మ్ లాభం, ₹1.25 లక్షల లోపే ఉంది కాబట్టి పన్ను లేదు అని కింద గీత కూడా గీశారు.

తప్పు. అసలు జవాబులో షార్ట్ టర్మ్ లాభం ₹30,000, లాంగ్ టర్మ్ నష్టం ₹36,000 ఉన్నాయి. పన్ను కూడా ఉంది.

నిజానికి తప్పు మీది ఒక్కరిదే కాదు. మీ బ్రోకర్ యాప్‌లో హోల్డింగ్స్ తెరిస్తే సగటు ధర 560 అనే కనిపిస్తుంది. మా బావమరిది ఆ అంకెనే నమ్మి రిటర్నులో వేసుకోబోయాడు. ఆ స్క్రీన్ మీ పెట్టుబడి ఎలా ఉందో చెప్పడానికి పెట్టింది. పన్ను లెక్కకు దాన్ని వాడితే ఇదిగో ఇలాగే అవుతుంది. నేనైతే సగటు ధర అనే గడిని అసలు చూడను, పొడుగాటి నోటు పుస్తకంలో పెన్సిల్‌తో వరసలు రాసుకుంటాను. అలవాటు అలాంటిది.

కాబట్టి ఈ వారం అనుకున్న రైట్స్ షేర్ల పాఠం వాయిదా. ముందు ఈ పది సంగతి తేల్చుకుందాం.

బజాజ్ ఫైనాన్స్ చేసిన పని ఒకటి కాదు, రెండు. 2025 జూన్ 16 రికార్డు తేదీ. మొదట ₹2 ముఖ విలువ ఉన్న షేరును ₹1 ముఖ విలువ గల రెండు షేర్లుగా విడగొట్టింది. అది స్ప్లిట్. తర్వాత అలా వచ్చిన ఒక్కో షేరుకు నాలుగు చొప్పున బోనస్ ఇచ్చింది. ఒకటి రెండయింది, రెండింటికి ఎనిమిది కలిసి పదయ్యాయి. మార్కెట్లో ధర పదో వంతుకు దిగింది. అందుకే పదితో భాగించాలని చెయ్యి లాగుతుంది.

కానీ ఆదాయపు పన్ను చట్టం ఈ రెండింటినీ ఒకేలా చూడదు. స్ప్లిట్ అంటే కొబ్బరికాయను రెండు చిప్పలు చేయడం. కాయ ధర చిప్పలకు సగం సగం పంచుకుంటుంది, ఎప్పుడు కొన్నారంటే కాయ కొన్న రోజే. బోనస్ అలా కాదు, అది కొసరు. కిలో వంకాయలు కొంటే కూరలమ్మి నాలుగు కాయలు పైన వేసింది. ఆ నాలుగింటి ధర కూడా కిలో ధరలోనే కలిసి ఉంటుందని మనకు తెలుసు. చట్టం మాత్రం కొసరుకు మీరు డబ్బు ఇవ్వలేదు కాబట్టి దాని ఖరీదు సున్నా అంటుంది. 1961 చట్టం 55వ సెక్షన్‌లో ఉన్న మాట ఇది. కిలో ధర తగ్గించి కొసరుకు పంచడానికి ఒప్పుకోదు. కొసరు మీ చేతికి వచ్చిన తేదీ కూడా వేరు: అలాట్‌మెంట్ అయిన రోజు నుంచే దాని వయసు మొదలు.

ఇప్పుడు మన 100 షేర్లను రెండు వరసలుగా రాయండి.

మొదటి వరస: 20 షేర్లు. ఒక్కోటి ఖరీదు 5,600లో సగం, అంటే ₹2,800. కొన్న తేదీ 2022 జూన్.

రెండో వరస: 80 షేర్లు. ఖరీదు సున్నా. తేదీ 2025 జూన్, బోనస్ అలాట్ అయిన రోజు.

సరిచూసుకోవడం సులువు. 20ని 2,800తో గుణిస్తే ₹56,000, మీ జేబులోంచి పోయింది అంతే. ఈ మొత్తం తేడా వస్తే ఎక్కడో బోనస్‌కు ధర పంచారని అర్థం. ఈ ఒక్క సరిచూపు లేకుండా నేను ముందుకు వెళ్లను.

ఇక 50 అమ్మారు. ఏ 50? డీమ్యాట్‌లో ముందు వచ్చినవే ముందు వెళ్లినట్టు లెక్క. మీకు నచ్చిన వరస నుంచి తీసే వీలు లేదు. కాబట్టి మొదటి వరసలోని 20 మొత్తం పోయాయి, రెండో వరస నుంచి 30 పోయాయి.

20 షేర్లకు వచ్చింది ₹20,000, ఖరీదు ₹56,000. నష్టం ₹36,000. ఏడాది దాటింది కాబట్టి లాంగ్ టర్మ్. 30 బోనస్ షేర్లకు వచ్చింది ₹30,000, ఖరీదు సున్నా, లాభం ₹30,000. బోనస్ వచ్చి మూడు నెలలే అయింది కాబట్టి షార్ట్ టర్మ్.

ఇక్కడే అసలు దెబ్బ. 36,000 నష్టంతో 30,000 లాభాన్ని కొట్టేయవచ్చు కదా అని మీ చెయ్యి మళ్లీ లాగుతుంది. కుదరదు. లాంగ్ టర్మ్ నష్టం లాంగ్ టర్మ్ లాభం మీదే పనిచేస్తుంది. షార్ట్ టర్మ్ లాభం మీద 20 శాతం, అంటే ₹6,000, సెస్సు ₹240తో కలిపి ₹6,240 కట్టాలి. నష్టం ₹36,000 మాత్రం ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు, గడువు లోపల రిటర్ను వేస్తేనే.

అదే మనిషి బోనస్‌కు ఏడాది నిండేదాకా ఆగి 50 అమ్మి ఉంటే రెండూ లాంగ్ టర్మ్ అయ్యేవి, అదే ధరకు నికరంగా ₹6,000 నష్టం మిగిలేది, పన్ను ఉండేది కాదు. డబ్బు అవసరమైతే ఆగలేం. కానీ మొదటి 20 అమ్మితే పన్ను లేదు, 21వ షేరు నుంచే మొదలవుతుందని ముందే తెలిస్తే 20 దగ్గర ఆగేవాళ్లు కొందరైనా ఉంటారు.

డీమ్యాట్ స్టేట్‌మెంట్ చూసేవాళ్లకు ఇంకో చిక్కు. స్ప్లిట్‌లో ముఖ విలువ మారితే ఐఎస్ఐఎన్ కూడా మారుతుంది. పాత నంబరు కింద 10 షేర్లు డెబిట్ అయి, కొత్త నంబరు కింద 20 జమ అవుతాయి. జమ తేదీ 2025 జూన్ అని ఉంటుంది. అది చూసి 20 షేర్లను కూడా షార్ట్ టర్మ్‌లో వేస్తారు కొందరు. చిప్పలకు కొత్త పుట్టినరోజు రాదు, మీ 2022 కాంట్రాక్ట్ నోటే తేదీకి ఆధారం.

రికార్డు తేదీకి ముందు మూడు నెలల లోపు కొన్నవారికి పై లెక్క నడవదు. వాళ్లు ఆ పాత షేర్లను రికార్డు తేదీ తర్వాత తొమ్మిది నెలల లోపు నష్టానికి అమ్మి, బోనస్ షేర్లు దగ్గర ఉంచుకుంటే ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు. దాన్ని మిగిలిన బోనస్ షేర్ల ఖరీదుగా చేరుస్తారు. కొసరుకు సున్నా కాకుండా ధర పడే సందర్భాల్లో ఇదొకటి.

ఇంకో సందర్భం 2018 జనవరి 31. నాలుగో పాఠంలో చెప్పుకున్నాం: 2018 ఫిబ్రవరి 1కి ముందు కొన్న లిస్టెడ్ షేర్లకు ఆ జనవరి 31న పలికిన అత్యధిక ధరను, అమ్మిన ధరను పోల్చి, తక్కువది తీసుకుంటాం. దాన్ని అసలు ఖరీదుతో పోల్చి ఎక్కువది ఖరీదుగా వేస్తాం. ఆ తేదీకి ముందే చేతికి వచ్చిన బోనస్ షేర్లకు కూడా ఇది వర్తిస్తుంది. అసలు ఖరీదు సున్నా అయినా జనవరి 31 ధర ఆదుకుంటుంది. 2016 సెప్టెంబర్‌లో ఇదే కంపెనీ షేరును ఐదుగా విడగొట్టి, ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. అంటే 2015లో కొన్న ఒక్క షేరు అప్పటికే పది: ఐదు చిప్పలు, ఐదు కొసరు. 2018 నాటికి ఆ పదీ సమానమే.

జనవరి 31 అత్యధిక ధర ₹1,700 అనుకుందాం. 2025లో ఈ పదీ స్ప్లిట్‌తో 20 అయ్యాయి, ఒక్కోదానికి ₹850. కొత్తగా వచ్చిన 80 బోనస్‌కు సున్నా, ఎందుకంటే అవి 2018 తర్వాత వచ్చినవి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఏదో చార్టు తెరిచి 2018 జనవరి 31 దగ్గర వేలు పెట్టండి. 170 చుట్టూ ఏదో కనిపిస్తుంది. చార్టు పాత ధరలను స్ప్లిట్‌కూ బోనస్‌కూ కలిపి సవరించేస్తుంది, అదే పదితో భాగించేసి. ఆ 170 వాడితే ఒక్కో షేరుకు ₹680 లాభం ఎక్కువ చూపించినట్టు. ఎక్స్ఛేంజి ఆ రోజు ప్రచురించిన అసలు ధరల ఫైలు నుంచి అంకె తీసుకుని, మీ చేత్తో రెండుతో మాత్రమే భాగించండి. రిటర్నులోని 112A షెడ్యూల్‌లో ఒక్కో షేరు జనవరి 31 ధర అడిగే గడిలో వేయాల్సింది కూడా ఆ సగమే.

అభ్యాసం. ఈసారి కొంచెం గట్టిదే.

2015 ఆగస్టులో 1 షేరు ₹5,000కి. 2024 నవంబర్‌లో 4 షేర్లు ₹6,700 చొప్పున. రెండూ ఒకే డీమ్యాట్‌లో. 2025 డిసెంబర్ చివర 60 షేర్లు ₹1,000 చొప్పున అమ్మారు. జనవరి 31 ధర పైన అనుకున్న 1,700నే వాడండి. వరసలు రాసేటప్పుడు గుర్తుంచుకోండి, 2025 బోనస్ అంతా ఏ కొనుగోలుకు వచ్చినా ఒకే తేదీతో, పాత వరసలన్నీ అయిపోయాక చివర నిలబడుతుంది.

మొత్తం 140 షేర్లు రావాలి. లాంగ్ టర్మ్‌లో ఒక వరస ₹3,000 లాభం, ఇంకోటి ₹18,800 నష్టం, షార్ట్ టర్మ్ ₹32,000 లాభం వస్తే సరి. రాకపోతే జవాబు పంపే ముందు మూడు వరసలూ పంపండి, ఏ వరసలో పది దూరిందో నేను చూస్తాను.