పెళ్లి లైవ్ డౌన్‌లోడ్ చేశాక ఆ రెండు ముక్కలూ డిలీట్ చేయకండి

మాఘమాసం ముహూర్తాలు దగ్గరకొచ్చాయి. ఈ మధ్య గాజువాక వైపు ఒక చిన్న స్టూడియోలో జరిగింది విన్నాక ఇది రాయక తప్పలేదు. అమెరికాలో ఉన్న పెళ్లికూతురి అన్నయ్య కోసం పెళ్లిని లైవ్ ఇచ్చారు. తర్వాత ఆ లైవ్‌నే సైటు నుంచి డౌన్‌లోడ్ చేసి, విడివిడిగా వచ్చిన బొమ్మ ముక్కనీ శబ్దం ముక్కనీ కలిపి, ఇంటివాళ్లకు ఒక ఫైల్ ఇచ్చారు. అది గంటా ఆరు నిమిషాల దగ్గర ఆగిపోతోంది. జీలకర్ర బెల్లం దాని తర్వాత. అప్పటికే ముక్కలు డిలీట్ చేశారు, ఛానెల్లో లైవ్ తీసేశారు, కెమెరా కార్డులు అనకాపల్లి పెళ్లి కోసం ఫార్మాట్ అయిపోయాయి.

బ్యాకప్ ఉంచుకోండి, యూపీఎస్ పెట్టుకోండి లాంటివి మీకు తెలుసు. ఈ పని పాడుచేసే తప్పు ఒక్కటే, అందరూ దాన్నే చేస్తారు: కలిపిన ఫైల్‌ను చివరిదాకా చూడకముందే ముక్కలు డిలీట్ చేయడం.

అసలు రెండు ముక్కలు ఎందుకు వస్తాయి

మనం ఎక్కించేది ఒకే ఫైల్. సైటు దాన్ని అలాగే ఉంచదు. బొమ్మను 144 నుంచి 1080 దాకా, ఒక్కోసారి ఇంకా పైదాకా, వేర్వేరు సైజుల్లో తయారు చేసుకుంటుంది. చూసేవాళ్ల నెట్ నెమ్మదిస్తే చిన్న సైజుకు దిగుతుంది, పుంజుకుంటే పైకి వెళ్తుంది. నాలుగైదు సెకన్ల తునకలుగా పంపిస్తుంది కాబట్టి ఆ మార్పు మనకు పెద్దగా తెలియదు. ఇలా తునకలుగా పంపే డాష్ అనే పద్ధతి 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది. పెద్ద సైట్లు చాలావరకు దాన్నో, ఆపిల్ వాళ్ల హెచ్‌ఎల్‌ఎస్‌నో వాడతాయి.

బొమ్మ ఎన్ని సైజుల్లో ఉన్నా శబ్దం మారక్కర్లేదు. టిఫిన్ సెంటర్లో ఇడ్లీకి ఒక గిన్నె, దోసెకు ఒక గిన్నె, వడకు ఒక గిన్నె చట్నీ రుబ్బరు కదా, అందరికీ అదే చట్నీ. ఆరు సైజుల బొమ్మ, రెండు రకాల శబ్దం ఉన్నాయనుకోండి. కలిపి దాచాలంటే పన్నెండు ఫైళ్లు కావాలి, విడిగా అయితే ఎనిమిది చాలు. పైగా నెట్ పడిపోయి బొమ్మ మసకబారినా మంత్రాలు మాత్రం తెగకుండా వినిపిస్తాయి. రెండు భాషల్లో శబ్దం ఇవ్వాలన్నా బొమ్మను మళ్లీ తయారు చేయక్కర్లేదు.

అందుకే సైటులో చూస్తున్నప్పుడు ప్లేయర్ రెండింటినీ అక్కడికక్కడే జోడిస్తుంది. డౌన్‌లోడ్ ప్రోగ్రామ్‌తో దింపితే బొమ్మకు `.mp4` ఒకటి, శబ్దానికి `.m4a` ఒకటి వస్తాయి. మూగ బొమ్మను చూసి ఫైల్ పాడైందని దాన్ని తీసేసేవాళ్లూ ఉన్నారు. అది పాడవలేదు, దాని జత పక్కనే ఉంది.

ఇదంతా మీ సొంత వీడియోలకూ, యజమాని అనుమతి ఉన్నవాటికే. ఓటీటీ సినిమాల ముక్కలకు తాళం వేసి ఉంటుంది, అవి ఇలా కలవవు.

కలిపే ముందు

గాజువాక సంగతి విప్పి చూద్దాం. బొమ్మ ముక్క 2 గంటల 41 నిమిషాల 12 సెకన్లు, పూర్తిగా వచ్చింది. శబ్దం ముక్క వస్తుండగా నెట్ తెగింది. ఫైల్ పేరు చివర `.part` అని మిగిలింది. ఇంకా పూర్తి కాలేదని డౌన్‌లోడ్ చేసే ప్రోగ్రామ్ చెప్పే తీరు అది. స్టూడియో కుర్రాడు `.part` అన్న మాటను చెరిపి పేరు మార్చేశాడు. ఫైల్ తెరుచుకుంది, సన్నాయి వినిపించింది. సరే అనుకున్నాడు.

చాలామంది ఇక్కడ ఫైల్ ప్రాపర్టీస్‌లో నిడివి చూసి తృప్తి పడతారు. దాన్ని నమ్మకండి. అక్కడ కనిపించే నిడివి ఫైల్ మొదట్లో రాసి ఉన్న అంకె. వెనకాల సరుకు సగమే వచ్చినా ఆ అంకె పూర్తి నిడివే చూపించగలదు. నిజం తెలియాలంటే `ffmpeg` అనే ప్రోగ్రామ్‌లో ఈ కమాండ్‌తో ఫైల్‌ను చివరిదాకా చదివించాలి:

```
ffmpeg -i audio.m4a -f null -
```

ఇది ఏ ఫైలూ తయారు చేయదు, ఊరికే చదువుతూ పోతుంది. అయిపోయాక కింద `time=` పక్కన ఉన్న సమయం చూడండి. ఆ పెళ్లికి అది `01:06:40` చూపించి ఉండేది, దానితోపాటు `partial file` లాంటి ఎర్రర్ కూడా వచ్చి ఉండేది. బొమ్మకూ ఇదే చేయండి, దానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. రెండు సమయాల మధ్య ఒకటి రెండు సెకన్ల తేడా మామూలే. గంటన్నర తేడా ఉంటే కలపడం ఆపి, మళ్లీ డౌన్‌లోడ్ చేయండి. అందుకే అప్పటిదాకా లైవ్‌ను ఛానెల్లోంచి తీయొద్దు.

కలిపేటప్పుడు

```
ffmpeg -n -i video.mp4 -i audio.m4a -map 0:v:0 -map 1:a:0 -c copy pelli.mkv
```

`-c copy` అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు పక్కపక్కన సర్దమని. బొమ్మను మళ్లీ తయారు చేయదు కాబట్టి నాణ్యత తగ్గదు, రెండు మూడు గంటల పెళ్లి కూడా కొన్ని నిమిషాల్లోనే అయిపోతుంది. అది రాయడం మరిచిపోతే పాత ల్యాప్‌టాప్ గంటల తరబడి ఫ్యాన్ తిప్పుకుంటూ కూర్చుంటుంది, పైగా బొమ్మ కొంచెం దెబ్బతింటుంది. రెండు `-map`లు బొమ్మ మొదటి ఫైల్ నుంచి, శబ్దం రెండో ఫైల్ నుంచి తీసుకోమంటాయి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అవి లేకపోతే ఎంపిక `ffmpeg` ఇష్టం. బొమ్మ ఫైల్‌లో కెమెరా శబ్దం కూడా ఉంటే మీరు అనుకోనిది రావచ్చు.

`-n` అంటే ఉన్న ఫైల్ మీద రాయొద్దని. ఇది ఎందుకంటే, తొందరలో రెండో `-i` మరిచిపోతారు:

```
ffmpeg -i video.mp4 audio.m4a -c copy pelli.mkv
```

`-i` లేని ప్రతి ఫైల్ పేరూ `ffmpeg` దృష్టిలో తాను తయారు చేయాల్సిన ఫైల్. కాబట్టి మీ శబ్దం ముక్క మీదే రాయడానికి సిద్ధమై, `Overwrite? [y/N]` అని అడుగుతుంది. అలవాటుగా `y` నొక్కారా, శబ్దం పోయినట్టే. కమాండ్‌లో `-y` పెట్టి ఉంచే స్టూడియోల్లో ఆ ప్రశ్న కూడా రాదు.

ఇక గాజువాకలో పీకల మీదకు తెచ్చింది `-shortest`. ఎక్కడో దొరికిన కమాండ్‌లో అది ఉంది, అలాగే కాపీ చేశారు. రెండింట్లో ఏది చిన్నదైతే అక్కడితో ఫైల్ ఆపమని దాని అర్థం. శబ్దం గంటా ఆరు నిమిషాలే ఉంది కాబట్టి బొమ్మనూ అక్కడే కోసేసింది. ఇలా కోసినందుకు ఎర్రర్ రాలేదు, రాదు కూడా, ఎందుకంటే చెప్పిన పనే చేసింది. `-shortest` లేకపోతే మిగతా పెళ్లి కనీసం మూగగానైనా కనిపించేది. అసలు ముక్కలు ఉంచుకుని ఉంటే ఇంకో కమాండ్‌తో అలాగైనా దొరికేదానికి ఇంత టెన్షన్ ఎందుకు?

కలిపాక

కలిపిన ఫైల్ తెరుచుకోవడం వేరు, సరిగ్గా ఉండటం వేరు. మొదటి ఐదు నిమిషాలు చూసి ముక్కలు డిలీట్ చేయకండి. మొదట్లో, నడుమ, చివర్లో పంతులుగారి పెదాలు చూడండి. అంతటా ఒకే తేడా ఉంటే శబ్దాన్ని జరపొచ్చు. శబ్దం ముందే వస్తుంటే:

```
ffmpeg -n -i video.mp4 -itsoffset 0.4 -i audio.m4a -map 0:v:0 -map 1:a:0 -c copy pelli2.mkv
```

0.4 అంటే అర సెకనుకు కొంచెం తక్కువ ఆలస్యం. శబ్దమే వెనకబడి ఉంటే `-0.4` రాయండి. మొదట బాగుండి ఒకచోట నుంచి తప్పిందంటే మాత్రం ఈ సర్దుబాటు పనికిరాదు. చాలావరకు నడుమ తునకలు రాలేదనే అర్థం. ఆ ముక్కను మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే.

మిగిలినవి వరసగా చెప్పేస్తాను:

- `.part` ఉన్న ఫైల్ పేరు మార్చొద్దు.
- ముక్కలు డిలీట్ చేయొద్దు.
- `yt-dlp` అనే డౌన్‌లోడ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు `-k` పెట్టండి. లేకపోతే కలపగానే ముక్కల్ని అదే తీసేస్తుంది. మీరు డిలీట్ చేయకపోయినా అవి పోతాయి.
- శబ్దం `.webm`లో వస్తే అది చాలావరకు ఓపస్ అనే రకం. దాన్ని `.mp4`లో పెట్టొచ్చు, కానీ ఇంట్లో పాత టీవీ దాన్ని వినిపించకపోవచ్చు. `.mkv`లో కలిపి ఉంచుకోండి. టీవీ కోసం వేరే కాపీ తీసి, అందులో `-c copy` బదులు `-c:v copy -c:a aac -b:a 192k` రాయండి. అప్పుడు శబ్దం ఒక్కటే మారుతుంది, బొమ్మ జోలికి పోదు.
- ఆ టీవీ కాపీ చూసుకుని ముక్కలు డిలీట్ చేయొద్దు.
- అర్థం కాని కమాండ్‌ను కాపీ చేయొద్దు. ముఖ్యంగా `-shortest` ఉన్నది.
- ప్రశ్న అడిగితే చదవండి. చదవకుండా `y` నొక్కొద్దు.
- ఇంటివాళ్లు లైవ్ అందరికీ కనిపించొద్దంటే ప్రైవేట్‌గా మార్చండి. డిలీట్ వేరు, ప్రైవేట్ వేరు.
- యూట్యూబ్ 12 గంటలలోపు లైవ్‌నే తనంతట తాను దాస్తుంది. రాత్రి మొదలుపెట్టి తెల్లారి ముహూర్తం దాకా ఒకే లైవ్ నడపొద్దు. నడుమ ఆపి కొత్తది మొదలుపెట్టండి.
- ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. రెండున్నర గంటల హెచ్‌డీ పెళ్లి అది దాటొచ్చు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, అందులో వేరే ఏమీ లేవని చూసుకున్నాకే.
- కెమెరా కార్డు ఫార్మాట్ చేసే ముందు పక్కవాణ్ణి పిలిచి ఫైల్ చివరి పది నిమిషాలు చూపించండి. అప్పగింతలు కనిపించకపోతే కార్డు ముట్టుకోవద్దు.
- ముక్కలు ఎప్పుడు తీసేయాలంటారా? ఇంటివాళ్లు మొత్తం చూసి బాగుందన్నాక, కలిపిన ఫైల్ రెండు వేర్వేరు డిస్కుల్లో ఉన్నాక. అంతకుముందు డిస్క్ నిండిపోతే ఇంకో డిస్క్ కొనండి.