పాలిటీకి పెద్ద పుస్తకమా, షార్ట్‌కట్ గైడా: కొనేముందు ఇలా తేల్చుకోండి

తిరుపతిలో పుస్తకాల షాపుకెళ్లి సివిల్స్‌కి పాలిటీ పుస్తకం కావాలంటే, లావుపాటి ప్రామాణిక గ్రంథం, సన్నటి గైడు రెండూ ముందు పెడతారు. వాటిలో ఏది తీసుకోవాలో తేల్చేది పాత ప్రశ్నపత్రమే. కాబట్టి షాపుకెళ్లే ముందే upsc.gov.in నుంచి గత ఐదేళ్ల ప్రిలిమ్స్ జనరల్ స్టడీస్ పేపర్లు, అధికారిక కీలు దింపుకోండి. వాటిలోంచి పది పాలిటీ ప్రశ్నలు ఒక కాగితంపై రాసుకుని వెంట తీసుకెళ్లండి.

షాపులో ముందు లోక్‌సభ అధ్యాయం తెరవండి. ఇప్పటికీ గరిష్ఠ సభ్యుల సంఖ్య 552 అనే ఉంటే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. ఆంగ్లో ఇండియన్ల నామినేషన్ 104వ సవరణతో 2020 జనవరిలో ఆగిపోయింది, ఇప్పుడు ఆ సంఖ్య 550. కొత్త అట్ట వేసి పాత పాఠమే అమ్మే గైడ్లు ఇక్కడే దొరికిపోతాయి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఈ పేజీ తప్పకుండా చూడాలి.

తర్వాత మీ ప్రశ్నలకు జవాబు ఆ పుస్తకంలో దొరుకుతుందో లేదో వెతకండి. ఉదాహరణకు, కాస్త పాతదే అయినా, 2015 ప్రిలిమ్స్‌లో రాజ్యసభ గురించి మూడు వాక్యాలిచ్చి ఏవి సరైనవో అడిగారు. ద్రవ్య బిల్లును తిరస్కరించే, సవరించే అధికారం దానికి లేదు అన్నది మొదటిది. గ్రాంట్ల డిమాండ్లపై ఓటు వేసే అధికారం లేదు అన్నది రెండోది. వార్షిక ఆర్థిక నివేదికను, అంటే బడ్జెట్‌ను, చర్చించే అధికారం లేదు అన్నది మూడోది. మొదటి రెండూ సరైనవే, మూడోది తప్పు. రాజ్యసభ బడ్జెట్‌ను చర్చించవచ్చు, గ్రాంట్లపై ఓటు వేసే అధికారం మాత్రం దానికి లేదు.

గైడులో సాధారణంగా "ద్రవ్య బిల్లు: రాజ్యసభకు 14 రోజులు" అన్న ఒక్క ముక్క ఉంటుంది. అది మాత్రమే చదివినవాళ్లు, బడ్జెట్‌లో రాజ్యసభకు ఏ పాత్రా లేదనుకుని మూడోదీ నిజమేనని పెట్టేస్తారు. దాంతో రెండు మార్కులు రాకపోగా, అందులో మూడో వంతు కోత కూడా పడుతుంది. పెద్ద పుస్తకంలో బడ్జెట్ ఏ దశలో ఏ సభ ముందుకు వెళ్తుందో వరుసగా ఉంటుంది కాబట్టి ఆ తేడా అర్థమవుతుంది. పదింటిలో కనీసం ఏడింటికి కారణంతో సహా జవాబు దొరికిన పుస్తకాన్నే మీ మూలగ్రంథంగా పెట్టుకోండి.

అలాగని గైడు దండగ కాదు. షెడ్యూళ్లు, ముఖ్యమైన అధికరణాలు, సవరణల పట్టికలు తిరగేయడానికి అదే సులువు. ఒకటి చాలు. రెండు మూడు కొన్నా అవే పట్టికలు మళ్లీ వస్తాయి. మూలగ్రంథం అధ్యాయం ఒకటి పూర్తయ్యాకే గైడులో అదే భాగం తెరిచి, లేని విషయాలను పెన్సిల్‌తో అంచున రాసుకోండి. ద్రవ్య బిల్లు పక్కన "బడ్జెట్: చర్చ ఉంది, ఓటు లేదు" అని రాస్తే చాలు. పరీక్ష ముందు చివరి రెండు వారాలు ఆ గైడే మీ నోట్సు.

బిట్ బ్యాంకు కొంటే, అందులోని పాత ప్రశ్నల జవాబులను అధికారిక కీతో పోల్చండి. ఇరవైలో రెండు తేడా వచ్చినా వదిలేయండి. వివరణ లేని తప్పు జవాబు ఒకసారి గుర్తుండిపోతే పరీక్ష హాల్లో అదే ముందు తడుతుంది.

పరీక్షకు రెండు నెలలే ఉంటే లావు పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టొద్దు. మీ ఐదేళ్ల పేపర్లలో ప్రశ్నలు ఎక్కువగా వచ్చిన అధ్యాయాలను అందులో చదివి, మిగతావాటికి గైడుతో సరిపెట్టుకోండి.