రొయ్యల ప్లాంటులో లేబర్ టర్నోవర్: లెక్క ఎక్కడ తప్పుతోంది?

లేబర్ టర్నోవర్ అంటే పనివాళ్లు మానేయడం, వాళ్ల చోట కొత్తవాళ్లు రావడం. విశాఖ చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటును ఊహించుకుని వేసిన లెక్క ఇది. జనవరి–మార్చి మూడు నెలలు తీసుకుందాం. మొదట్లో 190 మంది ఉన్నారు, 38 మంది మానేశారు, 58 మంది చేరారు, చివరికి 210 మంది తేలారు. సగటు 200.

సమస్య 1: ఒకే ప్లాంటు, మూడు రేట్లు

హెచ్‌ఆర్ 15% అంటాడు, అకౌంట్స్ 19% అంటాడు, మేనేజర్ 48% అంటాడు.

కారణం: ముగ్గురూ కూడిక తప్పలేదు, భాగహారంలో పైన వేసుకున్న అంకె వేరు. మానేసినవాళ్లను సగటుతో భాగిస్తే 38/200, అంటే 19%. చేరిన 58 మందిలో ఖాళీలు నింపడానికి తీసుకున్నది 30 మందినే, మిగతా 28 మంది కొత్త లైను కోసం. ఆ 30ని భాగిస్తే 15%. వెళ్లినవాళ్లనూ వచ్చినవాళ్లనూ కలిపితే 96/200, అంటే 48%. ఇందులో కొత్త లైనుకు తీసుకున్నవాళ్లూ కలిసిపోయారు కాబట్టి, ప్లాంటు పెరిగినా జనం పారిపోతున్నట్టు కనిపిస్తుంది.

పరిష్కారం: మనుషులు నిలుస్తున్నారా అని చూడ్డానికి 19% వచ్చిన పద్ధతి, ఖర్చు లెక్కకు 15% వచ్చిన పద్ధతి వాడండి. ఏ పద్ధతి వాడారో రిపోర్టులో రాయండి. ఏడాది రేటు కావాలంటే 365/90తో హెచ్చించాలి, 19% కాస్తా సుమారు 77% అవుతుంది. కానీ సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లకు వెళ్లి తిరిగి రానివాళ్లు ఈ మూడు నెలల్లోనే పడతారు. అందుకని దాన్ని ఏడాది బొమ్మగా నమ్మకండి, నిరుటి ఇదే మూడు నెలలతో పోల్చండి.

ఇంకో చిక్కు మస్టర్‌లో ఉంటుంది. పండక్కి వెళ్లినవాడు ఫిబ్రవరి దాకా రాకపోయినా పేరు కొట్టేయరు. ఎన్నాళ్ల గైర్హాజరును మానేసినట్టు లెక్కించాలో ఒక గడువు పెట్టుకుని, మానేసిన తేదీగా చివరిసారి పనికొచ్చిన రోజు వేయండి. కాంట్రాక్టరు మనుషుల్ని కలిపితే మానేసినవాళ్లలోనూ సగటులోనూ రెండు చోట్లా కలపాలి.

సమస్య 2: పుస్తకాల్లో ఖర్చు 51,000 రూపాయలే, లాభం మాత్రం అంతకు మించి తగ్గింది

కారణం: బిల్లు ఉన్న ఖర్చే పుస్తకంలోకి ఎక్కుతుంది. 30 మందికి మేస్త్రీ కమీషన్ 30,000, మెడికల్ పరీక్షలు, ఏప్రాన్లు, గంబూట్లకు 21,000. తలకు 1,700. పోయిన ఉత్పత్తికి బిల్లు ఉండదు.

పరిష్కారం: గంటలతో మొదలుపెట్టండి. 30 ఖాళీలు సగటున 6 రోజులు నిండలేదు. రోజుకు 8 గంటల చొప్పున 1,440 గంటలు పోయాయి. కొత్తవాళ్లు 10 రోజుల పాటు సగం వేగంతోనే ఒలిచారు. 2,400 గంటల్లో సగం, అంటే 1,200 గంటలు పోయాయి. మొత్తం 2,640 గంటలు. గంటకు 5 కిలోలు, అమ్మకం ధరలోంచి సరుకు ఖర్చుతో పాటు కూలీ కూడా తీసేశాక మిగిలేది, అంటే కాంట్రిబ్యూషన్, కిలోకు 12 రూపాయలు అనుకుంటే నష్టం 1,58,400.

ఎక్కువమంది తప్పు చేసేది కూలీ దగ్గరే. ఖాళీ సీటుకు కూలీ ఇవ్వలేదు కాబట్టి దాన్ని మళ్లీ కలపకూడదు. నేర్చుకుంటున్నవాడికి మాత్రం పని రాని సగానికీ ఇచ్చారు: 1,200 గంటలకు గంటకు 60 చొప్పున 72,000. పూర్తి 2,400 గంటల కూలీని శిక్షణ ఖర్చుగా వేస్తే, వాళ్లు చేసిన సగం పని కూడా నష్టంలోకి పోతుంది. కిలో లెక్కన కూలీ ఇచ్చే చోట ఈ పద్దే ఉండదు.

నేర్పే సూపర్‌వైజరు సమయానికి 18,000 వేయండి. తర్వాత గ్రేడు నష్టం: తోక ఉంచి ఒలవాల్సిన రొయ్యకు చివరి పెంకు కణుపు దగ్గర చెయ్యి తిరగకపోతే తోక ఊడిపోతుంది, సరుకు తక్కువ ధర గ్రేడులోకి జారుతుంది. 300 కిలోలు, కిలోకు 80 తేడా అయితే 24,000. అన్నీ కలిపితే 3,23,400, తలకు 10,780.

ఒక్క షరతు. ఆ రోజుల్లో చెరువుల నుంచి సరుకే తక్కువ వచ్చి ఉంటే, ఖాళీ సీట్ల వల్ల ఉత్పత్తి ఏమీ పోలేదు. ఓవర్‌టైంతో పూడ్చుకుంటే నష్టం కాంట్రిబ్యూషన్ కాదు, ఓవర్‌టైంకు అదనంగా పడిన కూలీ.

సమస్య 3: హాజరు బోనస్ పెంచినా రేటు దిగట్లేదు

కారణం: మొత్తం రేటు ఒక్కటే చూస్తే ఎవరు వెళ్తున్నారో తెలియదు. 38 మందిలో 23 మంది చేరిన 30 రోజుల్లోపే వెళ్లారనుకోండి. ఏడాది నిండితే వచ్చే బోనస్ వాళ్లకు అందేదే కాదు.

పరిష్కారం: మానేసినవాళ్లను 30 రోజుల్లోపు, ఏడాదిలోపు, ఏడాది దాటినవాళ్లుగా విడదీయండి. మొదటి గుంపు పెద్దదైతే, ఐసు నీళ్లలో చేతులు పెట్టి గంటలకొద్దీ నిలబడాలని చేరేముందే చెప్పండి, ఒక పూట లైను చూపించండి. మేస్త్రీ కమీషన్‌లో సగం 30 రోజులు నిలిచాకే ఇవ్వండి. ఏడాది దాటినవాళ్లు ఎక్కువైతే పక్క ప్లాంటు కూలీ రేటు కనుక్కోండి. ఆ గుంపుకు బోనస్ పనిచేస్తుంది. పెట్టే బోనస్ తగ్గే ఖర్చు కంటే తక్కువగా ఉండాలి: పదిమంది నిలిస్తే మిగిలేది సుమారు 1,07,800.