అంకణా కుదిరింది, లాభం మాత్రం ఎక్కువ: కొట్టేసిన పేజీలు చూశారా?

సమస్య: ఒంటి పద్దు లెక్కల నుంచి జంట పద్దులోకి మార్చారు. అంకణా కుదిరింది, ఆస్తి అప్పుల పట్టీ కూడా కుదిరింది. అయినా కొట్టాయన "నాకింత లాభం ఎక్కడిది?" అంటాడు. చాలామంది ఆయన మాట పక్కనపెట్టి పట్టీనే నమ్ముతారు. నేను ఆయన మాటే ముందు నమ్ముతాను.

టంగుటూరు దగ్గర ఎరువులు, పురుగుమందుల కొట్టు ఒకటి. 2024 ఏప్రిల్ 1 నాటి వ్యవహారాల నివేదికలో నగదు, బ్యాంకు కలిపి 60,000, సరుకు 3,10,000, రైతుల బాకీలు 1,40,000, సామాను 50,000. డీలర్లకు ఇవ్వాల్సింది 1,60,000 పోతే మూలధనం 4,00,000. 2025 మార్చి 31న అదే లెక్కన మూలధనం 4,95,000. సొంతవాడకాలు 1,80,000 కలిపి, తొలి మూలధనం తీసేస్తే లాభం 2,75,000.

జంట పద్దులోనూ అంతే వచ్చింది. కానీ ఆయన కొన్న ధర మీద నూటికి పన్నెండు వేసుకుని అమ్ముతాడు. మన వర్తకపు ఖాతాలో అమ్మిన సరుకు ఖరీదు 24,40,000, స్థూల లాభం 3,60,000. అంటే నూటికి దాదాపు పదిహేను. ఈ తేడా దగ్గరే ఆగాలి.

కారణం: తొలి నివేదికను మనం ఏడాది గడిచాక తయారుచేస్తాం. బాకీల పుస్తకం తిరగేసి, కొట్టేయకుండా మిగిలిన పేర్లు చూసి, "అప్పటికి బాకీలివి" అని రాసుకుంటాం. పొగాకు రైతు ఎరువు కార్తీకంలో అరువు తీసుకుని, బోర్డు వేలంలో బేళ్లు అమ్ముడయ్యాక ఏప్రిల్, మే, జూన్‌లలో తీరుస్తాడు. తీర్చగానే కొట్టాయన ఆ పేజీ మీద అడ్డగీత కొట్టేస్తాడు. మనం చూసేనాటికి అది చెల్లిపోయిన బాకీ. ఏప్రిల్ 1న మాత్రం అది నిఖార్సైన ఆస్తి. ఈ కొట్టులో అలా తప్పిపోయింది 60,000.

పట్టీ ఎందుకు పట్టివ్వదంటే, ఆ 60,000 తొలి బాకీల్లోనూ లేదు, తొలి మూలధనంలోనూ లేదు. రెండు వైపులా ఒకే మొత్తం తగ్గింది. కానీ వసూళ్లు 19,35,000లో అది ఉంది. మొత్తం ఋణగ్రస్తుల ఖాతాలో అరువు అమ్మకాలను మిగులుగా రాబడతాం కాబట్టి, పోయిన ఏటి బాకీ ఈ ఏటి అమ్మకంగా మారిపోయింది. వసూళ్లకు ముగింపు బాకీలు 2,05,000 కలిపి, తొలి బాకీలు 1,40,000 తీస్తే 20,00,000. తొలి బాకీలు నిజానికి 2,00,000, అరువు అమ్మకాలు 19,40,000.

ఇదే పొరపాటుతో ఒకసారి ఒక వర్తకుడి చేత ఎక్కువ పన్ను కట్టించాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి గీత కొట్టిన పేజీ చదవకుండా తొలి నివేదిక మీద సంతకం పెట్టించను.

పరిష్కారం: ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చిన ప్రతి వసూలును పేరు పేరునా రాయండి. ఒక్కో పేరుకు సరుకు ఇచ్చిన తేదీ వెతకండి. అది మార్చి 31 లోపైతే, పేరు తొలి జాబితాలో ఉండాలి. లేకపోతే చేర్చండి. నెల్లూరు వైపు వరి రైతుల కొట్లయితే కోతలు, ధాన్యం డబ్బు వచ్చే నెలలు చూసి ఈ గడువును ఇంకా సాగదీయండి. పేజీలు చింపేసి ఉంటే పాత బిల్లు కార్బన్ కాపీలు, ఫోన్‌పే వసూళ్ల వరస తీయండి.

తర్వాత ప్రారంభ పద్దునే సరిచేయాలి. ఋణగ్రస్తులకు 60,000 డెబిట్, మూలధనానికి 60,000 క్రెడిట్. మూలధనం 4,60,000, లాభం 2,15,000 అవుతాయి. స్థూల లాభం 3,00,000కు దిగి, నూటికి పన్నెండు చిల్లర వస్తుంది. ఏడాది చివర్లో సర్దుబాటు పద్దు వేసి అమ్మకాలు తగ్గిస్తే తొలి మూలధనం తప్పుగానే మిగిలిపోతుంది, అలా చేయకండి. పోయిన ఏడు రిటర్నులో మూలధనం 4,00,000 అని ఇప్పటికే చూపి ఉంటే, ఆడిటర్‌కు పేర్ల జాబితాతో సహా చెప్పాలి.

డీలర్ల వైపు కూడా ఇదే జరుగుతుంది, తిరగేసి: చెల్లించేసిన పాత అప్పు తప్పిపోతే కొనుగోళ్లు పెరిగి లాభం తగ్గుతుంది. స్థూల లాభం నూటికి ఎంతో చూస్తే అదీ తెలుస్తుంది.

లాభం పెరగడానికి ఇంకో కారణం, ఇంట్లో నగలు కుదువపెట్టి గల్లాలో వేసిన డబ్బును అమ్మకంగా రాయడం. బ్యాంకు పుస్తకం చూస్తే నిమిషంలో తేలుతుంది. సొంత పొలానికి తీసుకెళ్లిన బస్తాలు కొన్న ధరకు సొంతవాడకాల్లో వేయండి. అంకణాయే కుదరకపోతే అది కూడికల్లోనో, ఖాతాల్లోకి ఎక్కించడంలోనో జరిగిన తప్పు, దానికి ఈ తిప్పలేమీ అక్కర్లేదు.