బ్రిటన్ కంపెనీ నుంచి మీ కాల్ రికార్డింగ్ కాపీ అడిగే విధానం

బ్రిటన్‌లో చదువు ముగించుకుని వచ్చేసిన మన పిల్లలకు ఇంటర్నెట్ కనెక్షన్ బిల్లులు ఇంటిదాకా వెంటపడి వస్తుంటాయి. రద్దు చేసేటప్పుడు కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్లో "చార్జీ ఏమీ పడదు" అని ఉంటారు. ఆ మాటకు రుజువు ఆ కాల్ రికార్డింగే. దాన్ని తెప్పిస్తామని డబ్బులడిగే ఏజెంట్లకు ఏమీ ఇవ్వకండి. అక్కడి డేటా రక్షణ చట్టం ప్రకారం మీ సమాచారం కాపీ మీరే అడగొచ్చు, మామూలుగా ఫీజు ఉండదు.

ఫారం అక్కర్లేదు. కంపెనీ వెబ్‌సైట్‌లోని ప్రైవసీ నోటీసులో ఉన్న చిరునామాకు, మీ ఖాతాలో నమోదైన ఈమెయిల్ నుంచే రాయండి. ఇది 'సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్' అని, రాతప్రతి కాకుండా ఆడియో కావాలని స్పష్టంగా చెప్పండి.

చాలామంది తడబడేది ఏ కాల్ అన్నది చెప్పే దగ్గరే. "జూలైలో మాట్లాడాను" అంటే వాళ్లకు దొరకదు. ఉదాహరణకు, గుంటూరు వచ్చాక చేసిన కాల్ మీ ఫోన్లో జూలై 14 రాత్రి 8:40 అని కనిపిస్తోందనుకోండి. వేసవిలో బ్రిటన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి, వాళ్ల సిస్టమ్‌లో అది సాయంత్రం 4:10. రెండు సమయాలూ రాయండి. ఏ నంబర్ నుంచి ఏ నంబర్‌కు చేశారో, ఎన్ని నిమిషాలు మాట్లాడారో, ఖాతా నంబర్ ఏమిటో కూడా ఉండాలి. నాన్నగారి ఫోన్ నుంచి చేసి ఉంటే ఆ నంబరే ఇవ్వండి, లేకపోతే మీ నంబర్ మీద వెతికి "రికార్డింగ్ లేదు" అని జవాబిస్తారు. మాట్లాడింది కూడా నాన్నగారే అయితే, ఆయన సంతకంతో అంగీకార పత్రం జతచేయండి.

గుర్తింపు రుజువు అడిగితే భయపడకండి. మీరు ఎవరన్న అనుమానం నిజంగా ఉంటేనే వాళ్లు అడగాలి, అదీ అవసరమైనంత వరకే. కాకపోతే అడిగితే త్వరగా పంపండి, గడువు అది అందాకే మొదలవుతుంది.

గడువు ఒక నెల. విషయం క్లిష్టమైతే మరో రెండు నెలలు తీసుకోవచ్చు కానీ, ఆ సంగతి మొదటి నెలలోనే మీకు చెప్పాలి. రికార్డింగులు ఎంతకాలం ఉంచాలన్నది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి బిల్లు గొడవ తేలేదాకా ఆగకుండా ఇవాళే రాయండి. మీ ఉత్తరం అందాక, మీకు ఇవ్వకూడదన్న ఉద్దేశంతో దాన్ని చెరిపేస్తే 2018 చట్టం 173వ సెక్షన్ కింద నేరం.

నెల దాటినా జవాబు లేకపోతే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. అప్పటికీ కదలకపోతే, ఆ దేశ డేటా నియంత్రణ సంస్థ ఇన్ఫర్మేషన్ కమిషనర్ కార్యాలయానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. దానికీ ఫీజు లేదు. మొదట పంపిన ఈమెయిల్, దాని తేదీ అక్కడ జతచేయాలి.